ఆరు గంటల కట్ట

మల్లీశ్వరి రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చిన్న కార్ఖానాలో పనిచేసేది. యజమాని ప్రతాప్ మొదట, కత్తిరించిన గుడ్డముక్కల కట్ట ఒక్కటి కుడితే ఎనభై రూపాయల చొప్పున ఇచ్చాడు. అందరూ తొందరపడి కుడితే కుట్లు వంకరపోయాయి. గంటల లెక్కన ఇస్తే చేతులు నెమ్మదించాయి. అందుకని 2005లో కొత్త పద్ధతి పెట్టాడు. గంటకు పది రూపాయల కూలి, కట్టకు ఎనిమిది గంటల గడువు. ముందే ముగిస్తే, మిగిలిన సమయంలో సగానికి కూలి అదనం.

మల్లీశ్వరి ఆరు గంటల్లో ముగించేది. అరవైకి పది కలిపి డెబ్బై వచ్చేది. వెంటనే ఇంకో కట్ట అందుకునేది.

నెల తిరక్కముందే ప్రతాప్ ఆమె మిషన్ దగ్గరికి వచ్చాడు. "రేపట్నించి గడువు ఆరు గంటలే."

చుట్టూ మిషన్లు ఆగిపోయాయి. మల్లీశ్వరి లేచి నిలబడింది.

"అట్లయితే నాకు అరవయ్యే వస్తాది సారూ. బిరీన కుట్టినందుకు నాకేం మిగిలె? రేపట్నించి అందరం నిమ్మళంగా ఎనిమిది గంటలు కుడతాం. కట్ట మీకు ఎనభై పడతాది. ఇప్పుడు డెబ్బైకే పడతాండాది కదా?"

"పనిలోంచి తీసేస్తే?"

"తీసేయండి. శనివారం లారీకి సరుకు ఎవురు కుడతారో సూసుకోండి."

ప్రతాప్ సుద్దముక్క తీసుకుని, కొత్త మిషన్లు వస్తే తప్ప ఎనిమిది గంటల గడువు మారదని గోడమీది బోర్డుపై రాశాడు.

ఆ వారమంతా సూపర్‌వైజర్ గడియారం పట్టుకుని మల్లీశ్వరి వెనకే నిలబడ్డాడు. ఇక గడువు తగ్గదన్న ధీమాతో ఆమె ఆరు గంటల్లోనే కుట్టింది.