మ్యాప్‌లో ఉన్న మందుల షాపులు

షార్జాలో మా చిన్న ఆఫీసు ఒక కాంట్రాక్టు పోగొట్టుకున్నది మ్యాప్ తప్పుల వల్లేనని అప్పట్లో అందరూ అనుకున్నారు. ఆ మాటను నిలబెట్టింది నేనే.

2015లో సంగతి. మందుల డిస్ట్రిబ్యూటర్ ఒకాయన తన సేల్స్ మనుషుల్ని ఏ వీధికి పంపాలో తేల్చుకోవడానికి నగరంలోని ఫార్మసీలన్నీ మ్యాప్ మీద కావాలన్నాడు. డేటా కొనకుండా, జనం కలిసి గీసుకునే ఓపెన్ మ్యాప్ నుంచి తీద్దామన్నది మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి. కరీంనగర్ నుంచి వచ్చింది, ప్రొబేషన్‌లో ఉంది. డిస్ట్రిబ్యూటర్‌కు మ్యాప్ చూపించాల్సిన వారంలోనే, గురువారం, ఆమెను ఖాయం చేయాలా వద్దా అన్నది తేలాలి. కాదంటే వీసా రద్దవుతుంది, ఊరికి పోవాలి.

సలహా ఆమెది, మ్యాప్ నుంచి డేటా అడిగే క్వెరీ రాసింది నేను. పెద్ద పనేం కాదు. ఆ మ్యాప్‌లో ప్రతి ఫార్మసీకీ ‘ఎమెనిటీ’ దగ్గర ‘ఫార్మసీ’ అని ట్యాగ్ ఉంటుంది. నగరం చుట్టూ ఒక పెట్టె గీసి, ఆ ట్యాగ్ ఉన్నవన్నీ ఇమ్మని అడిగితే చాలు. ముందు నేనుండే రోలా వీధుల్లో పరీక్షించాను. అక్కడ మందుల షాపులన్నీ పెద్ద బిల్డింగుల కిందే, ఒక్కొక్కటీ మ్యాప్ మీద ఒక చుక్క. నాకు తెలిసినవన్నీ వచ్చాయి. క్వెరీలో ‘నోడ్’ అని, అంటే చుక్కలు మాత్రమే ఇమ్మని రాశానన్న ధ్యాసే లేకుండా నగరం మొత్తానికీ అదే నడిపించాను.

ఆదివారం, అక్కడ వారంలో మొదటి పనిరోజు, మీటింగులో డిస్ట్రిబ్యూటర్ తెర వైపు కాసేపు చూశాడు. పాకిస్తానీ మనిషి, మెల్లగా మాట్లాడతాడు.

“భాయ్, ఛోటీ దుకానే సబ్ హై. బడీ వాలీ కహా గయీ? మేరే సబ్‌సే బడే గాహక్ హీ నహీ హై ఇస్‌మే.” చిన్న షాపులన్నీ ఉన్నాయి, తన పెద్ద కస్టమర్లే లేరంటున్నాడు.

మా ముదీర్, అంటే మేనేజరు, హైదరాబాదీ. అందరి ముందూ ఆ అమ్మాయి వైపు తిరిగాడు. “ముఫ్త్‌ల వచ్చిన మాల్ ఇట్లనే ఉంటదమ్మా. ఎవడో గీస్తే గీస్తడు, లేకపోతే లేదు.”

ఆమె నా వైపు చూసింది. నేను లాప్‌టాప్ మూస్తూ, “ఓపెన్ డేటా కదా సార్, పూర్తిగా ఉండదు” అన్నాను.

మర్నాడు పొద్దున్నే నా బల్ల దగ్గరికొచ్చింది. “అన్నా, ఇది చూడుండ్రి. ఆయన చెప్పిన పెద్ద ఫార్మసీ మ్యాప్‌ల ఉన్నది, మన లిస్టుల లేదు.”

సొంత బిల్డింగ్ ఉన్న షాపు అది. చుక్కగా కాక, బిల్డింగ్ ఆకారం చుట్టూ గీత గీసి, ఆ గీతకే ట్యాగ్ తగిలించారు. అలాంటివాటిని ‘వే’ అంటారు. అవి నేను అడగనే లేదు. ఆమె క్వెరీలో ‘వే’కి ఒక లైను, కొన్ని గీతలు కలిపి ఒకటిగా గుర్తించే ‘రిలేషన్’కి ఒక లైను చేర్చింది, గీతలకు మధ్య బిందువు వచ్చేలా చివర ‘సెంటర్’ పెట్టింది. నడిపించగానే పెద్ద షాపులు తెర మీద పడ్డాయి.

“ఇప్పుడే ఎవరైనా గీశారేమో?” అన్నాను.

“లేదన్నా, హిస్టరీల చూసిన. రెండేండ్ల కిందనే గీసిండ్రు. ముదీర్‌కు మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?” అంది.

“నేనే చెప్తానమ్మా. నువ్వు చెబితే సంజాయిషీలా ఉంటుంది.”

గురువారం దాకా వెళ్లలేదు. వెళ్లేసరికి ముదీర్ బల్ల మీద ఆమె ఫైలు తెరిచే ఉంది. డిస్ట్రిబ్యూటర్ పొద్దున్నే వేరేవాళ్లకు పని ఇచ్చేశాడన్నాడు. “ఖలాస్. పదేండ్ల క్లయింటు. ఈ పిల్ల మాట మనం విన్నందుకు పోయిండు.” ఆ సంవత్సరం నా కాంట్రాక్టూ రెన్యూ కావాలి.

“మిగిలినవి ఇప్పుడు వచ్చాయి సార్. మ్యాప్‌లో ఎవరో కొత్తగా గీశారు.”

“చూసినవా? నిన్న లేదు, ఇయ్యాల ఉన్నది. గిసొంటి దాన్ని నమ్ముకుని దందా చేస్తమా?” అని ఆమెను తీసేసే కాగితం మీద సంతకం పెట్టాడు. నేను అక్కడే నిలబడి చూశాను.

బయట కాఫీ మెషిన్ దగ్గర ఆమె ఎదురుచూస్తోంది. నా ముఖం చూసి విషయం అర్థం చేసుకుంది. అయినా అడిగింది.

“చెప్పిండ్రా అన్నా?”

“చెప్పాను. వినలేదు.”

తల ఊపింది. కప్పు కింద పెట్టి, “పోనీ తియ్యుండ్రి. మీరైతే చెప్పిండ్రు గద. థాంక్స్ అన్నా” అంది.