కంటి గోడకు అతుక్కున్న ఎముక

ఆవిడను అందరూ ఫిల్ముల డాక్టరమ్మ అంటారు. భర్త ముక్కు డాక్టరు. కింది అంతస్తులో ఆయన రోగులను చూస్తాడు, పైన కిటికీలు మూసిన గదిలో కూర్చుని ఈవిడ వాళ్ల స్కానులు చూస్తుంది. రోగులకు ఆయన ముఖం తెలుసు, ఈవిడ సంతకం తెలుసు. అంతకు మించి తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు.

పెళ్లైన కొత్తలో ఈవిడకు కాస్త నోరుండేది. ఒకసారి నర్సుల ముందే, "అది కుడి కాదండీ, ఎడమ. ఫిల్ములో మనిషి మనకు ఎదురుగా ఉన్నట్టు లెక్క" అనేసింది. తప్పు ఆయనదే. కత్తి పెట్టకముందే దొరికింది కనక రోగికి ఏ నష్టమూ జరగలేదు. నష్టమల్లా ఈవిడకే. ఆయన వారం రోజులు మాట్లాడలేదు. "మొగుణ్ణి నలుగురిలో దిద్దే చదువు ఎందుకమ్మా?" అని అత్తగారు అడిగింది. ఆ ప్రశ్నకు ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. ఆనాటి నుంచి ఏం చెప్పాలన్నా నవ్వుతూ, కాఫీ అందిస్తూ, తనకే తెలియక అడుగుతున్నట్టు చెప్పడం నేర్చుకుంది. తప్పు చూపించడమే ఉద్యోగమైన మనిషి ఆ తప్పును బతిమాలి చూపించాల్సి రావడం కంటే నికృష్టమైన బతుకు మరోటి ఉండదు. అయినా ఇల్లు ప్రశాంతంగా ఉండేది. ప్రశాంతంగా ఉండే ఇళ్లలో సగం ఇలా ఎవరో ఒకరు నోరు కట్టేసుకోబట్టే ఉంటాయి.

ఆయన చెల్లెలికి కారు నడపడం నేర్పే బడి ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్లలో స్టీరింగు పట్టినవాళ్లంతా ఆమె తిట్లు తిన్నవాళ్లే. "బ్రేకు అంటే కాలికి పట్టీ కాదు, తొక్కు!" అని అరుస్తుందిగానీ మనసు వెన్న. మొగుడు లేని మనిషి, ఆ బడే ఆమె బతుకు. కొన్నాళ్లుగా కుడి చెంప బరువంటోంది, ముక్కు దిబ్బడంటోంది. కుడి కన్ను కాస్త చిన్నదైందని ఇంట్లో అందరూ ఆటపట్టించేవాళ్లు. "ఎవరికే కన్ను కొడుతున్నావు?" అనేవాడు అన్న. ఆఖరికి ఆయనే స్కాను తీయించాడు.

ముక్కు పక్కన ఒక ఇరుకు సందు ఉంటుంది. చెంప వెనక గాలి గది, నుదుటి గది, రెండు కళ్ల మధ్య ముందువైపున్న చిన్న గదులు, అన్నిటి నీరూ ఆ సందులోంచే ముక్కులోకి దిగాలి. దాన్ని ఆస్టియోమియేటల్ కాంప్లెక్స్ అంటారు. పేరు పలకడానికి పట్టినంత చోటు కూడా అక్కడ ఉండదు. అది పూడుకుపోతే వీధి చివర కాలువ పూడినట్టే, ఇళ్లన్నిటిలోనూ మురుగు నిలుస్తుంది. అందుకే సర్జన్లు గదులను గీకకుండా ఆ సందును తెరుస్తారు. తెరవాలంటే ముందు దానికి తలుపులా నిలిచిన కొడవలి ఆకారపు పలచని ఎముకను తీయాలి. దాన్ని అన్సినేట్ అంటారు. మామూలుగా దాని వెనక కాస్త ఖాళీ ఉంటుంది, కత్తి మొన ఆ ఖాళీలోకి దిగుతుంది. ఆ ఖాళీ ఎంత ఉందో ముందుగా చెప్పేది స్కాను ఒక్కటే.

డాక్టరమ్మ ఆడపడుచు ముఖాన్ని తెర మీద ముందు నుంచి వెనక్కి పొరపొరగా చూసుకుంటూ పోయింది. ఎడమ వైపు అంతా నల్లగా, గాలితో శుభ్రంగా ఉంది. కుడి చెంప గది మాత్రం బూడిద రంగు నిండి, ముడుచుకుపోయి సగానికి సగం చిన్నదైంది. మూసుకుపోయిన గదిలో గాలి ఇంకిపోయి గోడలను లోపలికి లాగేసింది. పైన కంటికి నేలలా ఉండాల్సిన ఎముక కిందికి జారింది. కన్ను చిన్నదవలేదు, లోపలికి దిగింది. ఇన్నాళ్లూ అందరూ నవ్వింది దానికే. అన్సినేట్ కూడా పక్కకు లాక్కుపోయి కంటి గోడకు అతుక్కుపోయింది. మధ్యలో ఖాళీ అన్నది లేదు. ఆ ఎముక దాటితే కన్నే.

ఆవిడ ఆ పొరను మరోసారి చూసింది. రిపోర్టులో అంతా రాసింది. చివరి వాక్యంలో ఆ ఎముక సంగతి మళ్లీ రాసింది. కానీ ఆయన భార్య రిపోర్టులు చదవడు. "మనిషి ఇంట్లో ఉండగా కాగితమెందుకు?" అంటాడు. ఒక్క ఫిల్మును వెలుతురు పెట్టె మీద తగిలించి, సందు మూసుకుందా లేదా అని చూస్తాడు, అంతే. కాబట్టి మర్నాడు కాఫీ ఇస్తూ ఎత్తుకుంది.

"ఏవండీ, చెల్లాయి స్కాను చూశారా?"

"చూశాగా. కుడి పక్క మూసుకుపోయింది. తెరిస్తే సరి."

"ఆ అన్సినేట్ కంటి గోడకు ఆనుకున్నట్టుందండీ. ముందు నుంచి కత్తి పెడితే వెనక చోటు ఉండదేమో. వెనక అంచు పట్టుకుని మెల్లగా ముందుకు వస్తే మంచిదేమో... మీరే ఓసారి చూడండి." చెబుతూ నవ్వింది.

ఆయనా నవ్వాడు. "తెరమీద బొమ్మలు చూసి భయపడితే ఇక మేం ఆపరేషన్లు చేసినట్టే! నా చెల్లెలి ముక్కు నాకు తెలీదా?"

"చిన్నప్పుడు దాని ముక్కు తుడిచింది వాడేనమ్మా," అంది అత్తగారు పక్కనుంచి.

అందరూ నవ్వారు. ఈవిడా నవ్వింది. "సాయంత్రం ఒక్కసారి పైకి రండి, పొరలన్నీ చూపిస్తా," అంది. "చూద్దాంలే," అన్నాడు. రాలేదు.

ఆపరేషను రోజున నర్సు మెట్లెక్కి పరుగున వచ్చింది. "అమ్మా, సారు మిమ్మల్ని స్కాను తీసుకుని రమ్మంటున్నారు." ఆవిడ వెళ్లేసరికి థియేటరు మానిటరులో, ఎర్రటి మాంసం మధ్య, పసుప్పచ్చగా మెరుస్తూ ఏదో జారుతోంది. ఆయన దాన్ని మొదట కండ పెరిగిందనుకున్నాడు. పీల్చి కోసే మిషను మొన దాని మీదే ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు. అంత మెల్లగా అడగడం ఆవిడ ఎప్పుడూ వినలేదు.

"కంటి కొవ్వు. మిషను ఆపండి!"

ఆపాడు. అప్పటికే ఆ మిషను కొవ్వుతో పాటు కంటిని ముక్కు వైపు తిప్పే కండరాన్ని కూడా పీల్చి కోసేసింది.

చూపు పోలేదు. పోయినా బాగుండునని ఆడపడుచు తరవాత ఒకసారి అంది. కుడి గుడ్డు బయటి వైపుకు ఒరిగిపోయింది. కంటి డాక్టర్లు రెండుసార్లు కుట్టి, ఎదురుగా చూస్తే ఫరవాలేదనిపించారు. ఎడమ పక్కకు చూపు తిప్పితే మాత్రం ఒక కారు రెండు కార్లు, ఒక మనిషి ఇద్దరు మనుషులు. అలాంటి మనిషి పక్కన కూర్చుని ఎవరు బండి నేర్చుకుంటారు? బడికి తాళం పడింది.

ఒక ఆదివారం అందరూ హాల్లో ఉన్నారు. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది," అని అత్తగారు ముక్కు చీదింది. ఆడపడుచు కుడి కంటికి గంత కట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి అడిగింది.

"వదినా, ఇదంతా స్కానులో ముందే కనపడిందా?"

"కనపడింది."

"మరి అన్నయ్యకు చెప్పలేదా?"

డాక్టరమ్మ భర్త వైపు చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన్ని ఏదీ కోరలేదు. ఈ ఒక్క మాట ఆయన నోటితో రావాలని కోరుకుంది.

"చెప్పింది," అన్నాడు. ఆవిడకు ఊపిరి వచ్చింది. "కానీ గట్టిగా చెప్పలేదు."

"అదేనమ్మా," అంది అత్తగారు, "చెప్పాల్సిన చోట గట్టిగా చెప్పాలి కదా!"

డాక్టరమ్మకు ఒక్కసారిగా ఇన్నేళ్లుగా మింగిన మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. అరవాలని నోరు తెరిచింది. అలవాటైన ముఖం కదా, దాని మీదికి నవ్వు వచ్చింది.

ఆడపడుచు ఆ నవ్వు చూసింది. లేచి, తలుపు చట్రాన్ని చేత్తో తడుముకుంటూ లోపలికి వెళ్లిపోయింది.