షిల్లాంగ్ వియ్యపురాలికి మా అమ్మ దీవెన

నర్సీపట్నంలో ముప్పై ఏళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. అనువాదం ప్రశ్నలో ఒక్క మాట వదిలేసినా మార్కు కోసేదాన్ని. మాటకు మాట దింపాలి, లేకపోతే అది దొంగతనం కిందే లెక్క అని బల్ల గుద్ది చెప్పేదాన్ని. ఆ బల్ల చివరికి మా ఇంటి పెళ్ళిలో నా నెత్తి మీదే పడింది. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మా తమ్ముడి కూతురు బెంగళూరులో తనతో పాటు పనిచేసే షిల్లాంగ్ అబ్బాయిని చేసుకుంటానంది. పెద్దలందరూ సరే అన్నారు. అబ్బాయి తల్లికి తెలుగు రాదు, మాకు వాళ్ళ ఖాసీ భాష రాదు, మధ్యలో ఇంగ్లీషే దిక్కు. ఆవిడ ఫోనులో మా తమ్ముణ్ణి ఒక్కటే కోరింది. మీ అమ్మగారు పిల్లల్ని ఏమని దీవిస్తారో నాకు తెలియాలి, ఆ మాటలు నేను మా ఇంటికి తీసుకెళ్ళాలి అంది. అంత మంచి కోరిక ఇంకెవరు కోరతారు?

మా అమ్మకు ఎనభై రెండేళ్ళు. మాకవరపాలెం దగ్గర పల్లెలో చెరకు తోటల్లోనే బతుకంతా గడిపింది. తమ్ముడు అడిగితే మంచం మీద సర్దుకుని కూర్చుని, మనవరాలు ఎదురుగా ఉన్నట్టే చెయ్యెత్తి చెప్పింది.

“నూరేల్లు పిల్లాపాపల్తో సల్లగా ఉండండి. నీ పసుపుకుంకాలు పదికాలాలు నిలవాల. నా ఆయుస్సు కూడా పోసుకుని బతకండి.”

తమ్ముడు అది రాసుకుని ఫ్లెక్సీ షాపులో ఇచ్చాడు. పెళ్ళి స్టేజీ వెనక పైన తెలుగు, కింద ఇంగ్లీషు ఉండాలన్నాడు. షాపువాళ్ళే ఇంగ్లీషు దింపి ఇచ్చిన డిజైన్ రాగానే మురిసిపోతూ షిల్లాంగుకి వాట్సాప్ చేసేశాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మేనకోడలు ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. అత్తగారు చదివి భయపడిపోయారట. నూరేళ్ళు చలిలో ఉండమని శాపమా అన్నారట. పసుపు, ఎరుపు పొడులు నిలవడమేమిటి? ముసలావిడ తన ఆయుష్షు వీళ్ళ మీద పోస్తున్నారంటే మంచాన పడ్డారా? ఆవిడ తప్పు పట్టలేదు, పాపం, దిగులుపడింది. మేనకోడలు మాత్రం తేల్చేసింది. ఆ మాటలన్నీ తీసేయండి అత్తా, ‘హ్యాపీ మ్యారీడ్ లైఫ్’ అని పెట్టించండి, గొడవ వదిలిపోతుంది అంది.

స్పీకర్ ఫోనులో అమ్మ అంతా వింటోందని నేను చూసుకోలేదు. అమ్మ చెయ్యి ఒళ్ళో పెట్టేసుకుంది.

“నా మాట ఆలకి బయమేత్తే మానీండి. అచ్చింతలేసేసి ఊరుకుంతాను.”

నా ఒళ్ళు మండిపోయింది. చెప్పులేసుకుని ఫ్లెక్సీ షాపుకి పోయాను. షాపు నా పాత స్టూడెంటుదే. అతనికి నలభై దాటాయి, అయినా నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఇదేం రాతరా అని కడిగేశాను. అతను కళ్ళు దించుకునే అన్నాడు.

“ఒక్క మాట కూడా ఒగ్గీకూడదని మీరే సెప్పేవోరు కదండీ మేడం.”

ఆ రాతను మళ్ళీ చదివాను. నిజంగానే అందులో ఒక్క మాట పోలేదు. నేను దిద్దితే పదికి పది వేసేదాన్ని. మా అమ్మ మాత్రం అందులో ఎక్కడా లేదు. ప్రింటు ఆపమని చెప్పి ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రం అమ్మ పక్కన కూర్చున్నాను. మాటల సంగతి తర్వాత, ‘సల్లగా’ అన్నప్పుడు నీ మనసులో ఏం కనిపిస్తుంది అని అడిగాను. ఇదేం పిచ్చి ప్రశ్న అన్నట్టు చూసి, చెరకు నరికి ఎండన పడొచ్చిన మనిషి అరుగు మీద కూలబడతాడే, నీడా, కుండలో నీళ్ళూ, ఒళ్ళోకి ఎక్కే పసిపిల్లా, అదే కనిపిస్తుందంది. పసుపుకుంకాలంటే ఇద్దరూ కలిసి ముసలోళ్ళవ్వాలని. ఆయుష్షు పోసుకోమంటే ఏముంది, ఉన్నదంతా ఇచ్చీడమే అంది.

తర్వాత షిల్లాంగుకి నేనే ఫోన్ చేశాను. ముందు, అమ్మ గుండ్రాయిలా ఉంది, కంగారుపడకండి అని చెప్పాను. మా ఊరి ఎండ సంగతి చెప్పాను. చల్లదనం కంటే మంచిది మేం ఎవరికీ కోరలేం అన్నాను. ఆవిడ హాయిగా నవ్వింది. మీ ఇంట్లో హాయి అంటే ఏమిటని అడిగాను. చలి వానలో తడిసి ఎవరైనా ఇంటికొస్తే పొయ్యి చుట్టూ ఉన్నవాళ్ళు జరిగి చోటిస్తారట. చిన్నప్పుడు వాళ్ళమ్మ అలా జరిగి తనని దగ్గరకు లాక్కునేదట. ఇంక నాకు కావలసింది దొరికింది.

రాసింది తమ్ముడికి చూపించాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మన మాటల్లో చెప్పాలంటే ఇంత: ఏ చలి రాత్రి ఇంటికొచ్చినా పొయ్యి దగ్గర మీ ఇద్దరికీ చోటుండాలి. ఆ చోటు కోసం మీ పిల్లలు పోట్లాడుకోవాలి. ఇద్దరూ కలిసి ముసలివాళ్ళవ్వాలి. నాకు మిగిలిన రోజులు మీకిచ్చే వీలుంటే ఒక్కటి కూడా దాచుకోను.

తమ్ముడు గయ్యిమన్నాడు. చల్లగా ఉండమంటే పొయ్యి దగ్గర కూర్చోబెడతావా, పెళ్ళిలో నిప్పు మాటేమిటి, ఇంగ్లీషు వచ్చినవాళ్ళు నవ్వరా అన్నాడు. ‘ఉండండి’ అన్న మాటను అలాగే దింపితే ఇంగ్లీషులో డ్రిల్లు మాస్టారి ఆర్డరులా ఉంటుందని, మనకి నీడ ఎంతో వాళ్ళకి పొయ్యి అంతేనని చెప్పాను. వినలేదు. నవ్వేవాళ్ళని నా దగ్గరకు పంపు, ముప్పై ఏళ్ళు తప్పు చెప్పింది నేనే, దిద్దుకునే హక్కూ నాదే అన్నాను. ఫ్లెక్సీ అసలే వద్దన్నాను. దీవెన గోడకు వేలాడదీసేది కాదు, నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పేది. అమ్మ చెప్తుంది, పక్కన నిలబడి నేను చెప్తాను.

పెళ్ళి బలిఘట్టం రోడ్డులో ఫంక్షన్ హాల్లో జరిగింది. మే నెల. ఏసీలు పేరుకే తిరుగుతున్నాయి. అమ్మను స్టేజీ ఎక్కించాం. పిల్లల తలల మీద అక్షింతలు వేసి, చెరొక చెయ్యి పెట్టి, తన మూడు మాటలూ తనలాగే చెప్పింది. ఆ చేతులు తీసేదాకా ఆగి నేను ఇంగ్లీషులో చెప్పాను. చివర అమ్మ మనవరాలి బుగ్గలు నిమిరి తన కణతల దగ్గర మెటికలు విరిచింది. దానికి నేను ఏ మాటా కట్టలేదు. ముందు వరసలో ఇంగ్లీషు వచ్చిన పెద్దమనిషి ఒకాయన, అమ్మగారు పొయ్యి అన్లేదండీ అన్నాడు. అన్నారండీ, మీకు వినపడలేదు అన్నాను.

అప్పటికే వియ్యపురాలు కుర్చీలోంచి లేచింది. తన భుజాల మీద ఎర్ర గళ్ళ ఉన్ని శాలువా ఉంది. పండగలకీ పబ్బాలకీ వాళ్ళు కప్పుకునేదట. స్టేజీ ఎక్కి అది తీసి మా అమ్మకు కప్పింది. మెడ చుట్టూ దగ్గరగా లాగి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. దాన్ని ఇంగ్లీషులో చెప్పమని నేను అడగలేదు.

భోజనాల దగ్గర చూస్తే అమ్మ మొహమంతా చెమట కారుతోంది. శాలువా అలాగే ఉంది. ఉడికిపోతావే అని తియ్యబోయాను. నా చేతి మీద ఒక్కటిచ్చింది.

“ఉండనీ. సల్లగా ఉంది.”