రేవు నుంచి మూడు కాల్స్

ఆ దర్జీ ఆవిడ భర్త సరుకు ఓడలో వంటవాడు. ఓడ రేవు చేరిన రోజే ఆయన గొంతు వినపడేది. సరిగ్గా అలాంటి రోజునే ఆమె ఫోన్ ‘అత్యవసర కాల్స్ మాత్రమే’ అంటూ మొండికేసింది. కుడుతున్న జాకెట్టు మిషన్ మీదే వదిలేసి రిపేరు షాపుకు పరుగెత్తింది.

షాపాయన ఆమె సిమ్‌ను తన ఫోన్లో వేసి చూశాడు. కాల్ వెళ్లింది. “సిమ్ నిక్షేపంగా ఉందమ్మా.” తుడిచి, ట్రేలో సరిగ్గా కూర్చోబెట్టినా లాభం లేకపోయింది. నెట్‌వర్క్ మోడ్ కూడా బాగానే ఉంది. చివరికి ఆపరేటర్ల జాబితా తెరిచాడు. “ఇక్కడ వేరే కంపెనీని ఎంచారు. వాళ్లు మీ సిమ్‌ని రానివ్వరు కదా!”

నిన్న అక్క ఊళ్లో సిగ్నల్ అందక తనే ఏదో నొక్కిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది.

‘ఆటోమేటిక్’ పెట్టిన కాసేపటికే సిగ్నల్ వచ్చింది. వెనకే మెసేజీలు: రేవు నంబరు నుంచి మూడు మిస్డ్ కాల్స్. ఆత్రంగా తిరిగి చేస్తే అక్కడి ఫోన్ బూత్ మనిషి ఎత్తాడు. ఆమె భర్త పేరు చెప్పి అడిగింది.

“ఓడ ఇందాకే కదిలిందమ్మా. ఇరవై రోజులకు మళ్లీ చేస్తానని మీ ఆయన చెప్పమన్నాడు.”

ఆమెకు ఫోన్ పెట్టేయబుద్ధి కాలేదు. “ఆయన గొంతు ఎలా ఉందండీ?”

“కాస్త బొంగురుపోయిందమ్మా.”

“చల్లగాలికి ఎప్పుడూ అంతే,” అంది ఆమె, ఆయనతోనే మాట్లాడుతున్నంత మెల్లగా.