బొట్టు కింద ఆకుపచ్చ దీపం

మహాలక్ష్మి ప్రింటరుకు పెట్టిన బొట్టును బ్రహ్మం ముందే ఎందుకు తుడిచెయ్యలేదు? నాకిప్పటికీ జవాబు దొరకలేదు. చూడక కాదు. చూశాడు, చూసి నవ్వాడు కూడా. అప్పుడు నేను ఆ దుకాణంలోనే బల్ల మీద పేపరు చదువుకుంటున్నాను.

బ్రహ్మంది గిద్దలూరు. వాళ్ళ నాయన బంగారం పని చేసేవాడు. కుంపటి ముందు కూర్చోవడం ఇష్టం లేక ఇతను రేడియోలు విప్పడం నేర్చుకున్నాడు. రేడియోల కాలం పోతే టేప్‌రికార్డర్లు, అవీ పోతే టీవీలు, టీవీలు పలచబడి గోడకెక్కాక ప్రింటర్లు. మార్కాపురంలో చిన్న గది అద్దెకు తీసుకుని, స్కూటరు మీద సంచీ వేసుకుని, తర్లుపాడు నుంచి వెలిగండ్ల, దర్శి దాకా జిరాక్సు దుకాణాలన్నీ తిరిగేవాడు. ఎక్కడికి పోయినా ముందు మిషన్ మీద చెయ్యి వెయ్యడు. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని కాసేపు ఊరికే చూస్తాడు. పెళ్ళిచూపులకు వచ్చినట్టు కూర్చుంటాడని దుకాణాలవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

జిల్లాలు కొత్తగా విడగొట్టిన తర్వాతి ఏడాది సంగతి ఇది. తర్లుపాడులో అప్పటికి ప్రింటు తీసే దుకాణం మహాలక్ష్మిదొక్కటే. వాళ్ళది వ్యాపారం చేసే ఇల్లు. భర్త పోయాక కిరాణా కొట్టు సగం తగ్గించి, ఆ జాగాలో ఒక కంప్యూటరూ, జిరాక్సు కూడా తీసే ఒక ఇంకు ప్రింటరూ పెట్టుకుంది. మాటలు కనబడే తెర లేని రకం ప్రింటరు అది. ముందువైపు రెండు చిన్న దీపాలు, పైది ఆకుపచ్చ, కిందిది నారింజ. ఏం జబ్బు చేసినా ఆ రెండు దీపాలతోనే చెప్పుకోవాలి.

దాని భాష మహాలక్ష్మికి నేర్పింది బ్రహ్మమే.

“నారింజది కొట్టుకుంటా ఉంటే నువ్వు కంగారుపడి మధ్యలో లెక్క మొదలుపెట్టొద్దక్కా. ఒక విడత కొట్టి, కాసేపు ఆగుతాది. ఆ ఆగినాక మొదలుపెట్టి వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టు. రెండంటే దానికి ఆకలి, కాగితం పెట్టాల. మూడంటే గొంతుకు అడ్డం పడింది, కాగితం ఇరుక్కుంది. అయిదంటే ఇంకు డబ్బీ సరిగ్గా కూర్చోలేదు. ఏడంటే డబ్బీలు తావు మారినాయి, నల్లది కుడిపక్క, రంగులది ఎడమపక్క ఉండాల.”

“మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఇన్ని సైగలు చెయ్యలేదు నాయనా,” అంది మహాలక్ష్మి.

“ఆయనకు నోరుంది గదక్కా. దీనికి లేదు.”

ఆమెకు ఒక అలవాటు ఉండేది. శుక్రవారం దుకాణం కడిగి, త్రాసుకూ గల్లాపెట్టెకూ పసుపు రాసి కుంకుమ పెట్టేది. కంప్యూటరుకూ ప్రింటరుకూ కూడా పెట్టేది. ప్రింటరు ముందుభాగం అంతా నున్నగా నల్లగా ఉంటే, ఆకుపచ్చ దీపం ఉన్నచోట చిన్న గుంత ఉంది. బొట్టు పెట్టడానికే చేసినట్టు ఉండే ఆ గుంతలోనే వేలు ఆన్చేది. వారం మీద వారం పసుపు పేరుకుని అక్కడ దీపం ఉందన్న సంగతే మరుగున పడిపోయింది. మిషన్ వెలిగిందో లేదో చప్పుడును బట్టి ఆమెకు తెలిసిపోతుంది. ఆకుపచ్చ దీపంతో ఆమెకు అవసరం పడలేదు.

“నుదుటిన బాగా పెట్టినావు,” అని బ్రహ్మం నవ్వింది ఆ బొట్టును చూసే. జేబులోంచి గుడ్డ తీశాడు. మూత తుడిచాడు, పక్కలు తుడిచాడు, బొట్టు దగ్గరికి వచ్చేసరికి చుట్టూ తిప్పి గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పనిముట్టుకు మొక్కే ఇంట్లో పుట్టినవాడు కాబట్టి చెయ్యి రాలేదనుకోనా? ఆ విధవరాలికి మిగిలిన బొట్లు ఇవే అనుకున్నాడా? నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడనీ అనుకోను.

కొన్నాళ్ళకు నారింజ దీపం ఎనిమిది కొట్టింది. మహాలక్ష్మి ఫోను చేసింది. ఎనిమిదంటే మిషన్ కడుపులో ఇంకు పీల్చుకునే మెత్త నిండవచ్చిందని అర్థం. మూతి శుభ్రం చేసుకున్నప్పుడల్లా ప్రింటరు కొంచెం ఇంకు ఆ మెత్తలోకి వదులుతుంది. మహాలక్ష్మి దుకాణం మూసే ప్రతిసారీ షార్ట్ సర్క్యూట్ భయంతో మెయిన్ స్విచ్ ఆపేసేది. మిషన్ బటన్ నొక్కి ఆపితే అది సర్దుకుని పడుకుంటుంది. అట్ల గొంతు నొక్కినట్టు ఆపితే మూతి ఎండిపోయి, మళ్ళీ లేచినప్పుడు ఎక్కువ కడుక్కుంటుంది. అందుకే మెత్త తొందరగా నిండింది.

“ఆ రెండో బటన్ నొక్కక్కా, ప్రస్తుతానికి నడుస్తాది. వెలిగండ్లలో పని చూసుకుని వచ్చి మెత్త మారుస్తా,” అన్నాడు బ్రహ్మం. ఆమె నొక్కింది. నడిచింది. నడుస్తున్నదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అతనూ మరిచిపోయాడు, ఆమె కూడా మరిచిపోయింది.

యేసుమణి వచ్చింది ఆ తర్వాతే. ఊళ్ళో అంగన్‌వాడీ కేంద్రంలో ఆయా ఉద్యోగం ఖాళీ పడింది. ఆమె భర్త పలకల గనిలో పనికి పోయి ఊపిరి పాడై ఇంట్లో కూర్చున్నాడు. అతన్ని వదిలి ఊరు దాటి పనికి పోలేని యేసుమణికి దగ్గర్లో దొరికే ఉద్యోగం అదొక్కటే. మార్కాపురం ఆఫీసులో సాయంత్రం లోపల దరఖాస్తు ఇవ్వాలి, అదే ఆఖరి రోజు. ఆదాయం సర్టిఫికెట్ చేతికి రావడమే ఆ మధ్యాహ్నం వచ్చింది. మహాలక్ష్మి దరఖాస్తు అంతా కంప్యూటరులో కొట్టి, ప్రింటు ఇచ్చింది. కాగితం కదలలేదు. నారింజ దీపం కొట్టుకోవడం మొదలుపెట్టింది.

మహాలక్ష్మి ఆగినాక మొదలుపెట్టి కణుపుల మీద లెక్కపెట్టింది. యేసుమణి కూడా లెక్కపెట్టింది. ఇద్దరికీ ఏడే వచ్చింది.

“ఏడు కొడ్తా ఉంది బ్రహ్మం,” అని ఫోనులో చెప్పింది.

“ఏడేనా? సరిగ్గా చూసినావా?”

“నేనూ చూసినా, మన యేసుమణీ చూసింది. నీ కంటే ఇద్దరం తక్కువ తిన్నామా ఏంది?”

“అయితే డబ్బీలే. తీసి మళ్ళీ పెట్టు. పది నిమిషాల పని. యేసుమణిని యాడికీ పోవద్దను.”

మూత తీశారు. డబ్బీల బండి మధ్యకు రావాలి, రాలేదు. ఆ మాట చెబితే ఆపి మళ్ళీ వెయ్యమన్నాడు. వేశారు. మళ్ళీ ఏడే. బయట మార్కాపురం ఆటో నిండుతూ ఉంది. డ్రైవరు ఆశీర్వాదం లోపలికి తొంగి చూసి, “వస్తావా అక్కా, ఒక్క సీటుంది,” అన్నాడు.

యేసుమణి మహాలక్ష్మి వంక చూసింది. మహాలక్ష్మి ఫోను వంక చూసింది. దరఖాస్తు పెన్‌డ్రైవులో వేసుకుని అక్కడ తీసుకోవచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదనను. వచ్చింది. కానీ ఫోనులో బ్రహ్మం, “నేనే డబ్బీలు తీసుకుని బయల్దేరినా, ఆగమను,” అన్నాడు. అతని మాట మీద వాళ్ళకు అంత నమ్మకం.

“నువ్వు పో అన్నా,” అంది యేసుమణి. ఆటో పోయింది.

బ్రహ్మం వచ్చాడు. ఆ ఒక్కరోజు స్టూలు లాక్కోలేదు. నిలబడే సంచీ విప్పి కొత్త డబ్బీలు బయటపెట్టాడు. అప్పుడు, మిషన్ మీదికి వంగి, ఒక విడత చూశాడు. ఇంకొక విడత చూశాడు. బొటనవేలితో పసుపు గీకాడు. ఎండిపోయిన పసుపు పెళ్ళగా ఊడింది. దాని కింద ఆకుపచ్చ దీపం కొట్టుకుంటూ ఉంది. నారింజ వెలిగినప్పుడు అది ఆరుతూ, నారింజ ఆరినప్పుడు అది వెలుగుతూ, ఒకటి తర్వాత ఒకటి.

ఒక్క నారింజే ఏడు కొడితే డబ్బీల తావు మారినట్టు. రెండూ మార్చి మార్చి ఏడు కొడితే మెత్త నిండిపోయినట్టు. ఇక ఏ బటన్ నొక్కినా అది నడవదు. మెత్త మార్చి, నిండిందని మిషన్ తనలో దాచుకున్న లెక్కను కంప్యూటరుతో చెరపాలి. ఆ ప్రోగ్రాం ఉన్న ల్యాప్‌టాప్ మార్కాపురం గదిలో ఉంది. డబ్బీల జబ్బు అనుకుని వచ్చినవాడు డబ్బీలే తెచ్చాడు.

“ఏందన్నా, అయితాదా?” అంది యేసుమణి.

“పచ్చది గూడా కొడ్తా ఉందా అని అడగలేదు నేను,” అన్నాడు బ్రహ్మం. ఆమె అడిగినదానికి అది జవాబు కాదు.

దరఖాస్తు పెన్‌డ్రైవులో వేసి, ఆమెను స్కూటరు ఎక్కించుకుని పోయాడు. మార్కాపురంలో మొదట కనబడిన దుకాణంలో కాగితం తీయించాడు. ఆఫీసుకు పోయేసరికి దరఖాస్తులు కట్ట కట్టి బీరువాలో పెట్టేశారు. గుమాస్తా మంచిగానే మాట్లాడాడట. “కట్ట కట్టినాక నా చేతిలో లేదమ్మా,” అన్నాడట. బ్రహ్మం తప్పు తనదేనని ఆయనకు చెప్పబోయాడు. దీపాల గురించి, బొట్టు గురించి. గుమాస్తాకు అది కట్టుకథలాగే వినబడి ఉంటుంది.

ఆ ఉద్యోగం వేరే ఆమెకు వచ్చింది. యేసుమణి మిరప కోతలకు పోవడం మొదలుపెట్టింది. భర్తను పగలు చూసుకోవడానికి పక్కింటి చెంచమ్మ ఒప్పుకుంది. యేసుమణి ఎవరినీ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బ్రహ్మానికి కొంచెం తేలికపడేదేమో.

బ్రహ్మం మర్నాడే వచ్చి మెత్త మార్చాడు, లెక్క చెరిపాడు. మిషన్ కొత్తదానిలా నడిచింది. మహాలక్ష్మి ఆ చోట మళ్ళీ పసుపు పెట్టలేదు. “ఆ ఉద్యోగం నా చేతి మీదుగా పోయింది గదా,” అని ఒకసారి నాతో అంది. “నీ చేతిలో ఏముందమ్మా,” అన్నాను. అలాంటి మాటలు అంటాం, అవి ఎవరికీ ఉపయోగపడవు.

బ్రహ్మం మాత్రం మారాడు. ఎవరు ఫోను చేసి ఎన్ని కొడుతోందని చెప్పినా, “నాకు లెక్కలు చెప్పొద్దు, వచ్చి చూస్తా,” అనేవాడు. వచ్చి మునుపటికంటే ఎక్కువసేపు చూసేవాడు. తెలిసినదాన్నే మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టేవాడు. దుకాణాలవాళ్ళకు ఓపిక తగ్గింది. దర్శిలో ఎవరో పెద్ద దుకాణం పెట్టి జీతానికి రమ్మని పిలుస్తున్నారని, పోతే ఇక ఈ ఊళ్ళు తిరగడం ఉండదని, పోవాలో వద్దో తెలియడం లేదని నాకొకసారి చెప్పాడు.

మిరప కోతలు అయిపోయిన రోజుల్లో, ఒక పొద్దున తర్లుపాడు వచ్చాడు. కాగితం లాగే రబ్బరు చక్రం అరిగితే చూస్తున్నాడు. మహాలక్ష్మి టీ పెట్టడానికి లోపలికి పోయింది. అప్పుడే యేసుమణి ఆధార్ కార్డు జిరాక్సుకని వచ్చింది. ఎండకు నల్లబడింది. వేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టుకుని ఉంది.

“ఏమన్నా, బాగుండావా? శానా దినాలాయె,” అంది నవ్వుతూ.

“బాగుండా,” అన్నాడు బ్రహ్మం, ఆ పీలికల వైపే చూస్తూ.

“మా ఆయనకు కొంచెం నయమన్నా. కొంచెం నడుస్తా ఉండాడు.”

బ్రహ్మం తల ఊపాడు. చక్రం బిగించి, మూత వేసి, కార్డు తీసుకుని తనే జిరాక్సు తీసి ఇచ్చాడు. ఆమె కాగితం మడుచుకుని ఇంటికి పోయింది. అతను ఇంకొక కాగితం తీసి చూశాడు. స్క్రూడ్రైవర్లు ఒకటొకటిగా సంచీలో పెట్టుకున్నాడు. నేను పేపరులోంచి తలెత్తితే నా వైపు చూసినట్టే ఉంది, సంచీ తీసుకుని బయటికి పోయాడు. స్కూటరు చప్పుడు విని మహాలక్ష్మి రెండు గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చింది.

“ఏడీ?” అంది.

స్కూటరు అప్పటికే దర్శి దారి పట్టింది.