పైపు మేస్త్రి సొంతిల్లు

మా వదిన మొగుణ్ణి, అంటే నా తోడల్లుణ్ణి, అందరూ పైపు మేస్త్రి అంటారు. తాపీతో పైకొచ్చినవాడు కాదు, నీళ్ల పైపుతో పైకొచ్చాడు. కాంక్రీటు పారకు అంటుకుంటోందని కూలీలు గొణిగితే చాలు, మిక్సర్‌లో పైపు పెట్టేస్తాడు. మజ్జిగలా జారితే అదే పనితనమట. ఆ ముక్క చెప్పేటప్పుడు మీసం కూడా తిప్పుతాడు.

నేను ల్యాబ్‌లో కాంక్రీటు దిమ్మల్ని విరగ్గొట్టి బలం చూసేవాణ్ణి. ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. గట్టిపడటానికి సిమెంటుకు కావలసిన నీళ్లు కొంచెమే. కలిపి పోయడానికి వీలుగా ఇంకాస్త ఇస్తాం. అంతకు మించి పోసినదంతా ఆరిపోతూ లోపల సన్నటి ఖాళీలు వదిలిపోతుంది, ఆ ఖాళీలే బలాన్ని తినేస్తాయి. జారుడు కావాలంటే దానికో మందుంది. లేదంటే నీళ్లు పెంచిన పాళ్లలోనే సిమెంటూ పెంచాలి.

"తమ్ముడూ, ఫ్యాను కింద కూర్చునేవాడికి పార బరువు ఏం తెలుస్తుంది?" అనేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

సొంతిల్లు మొదలుపెట్టినప్పుడైనా బుద్ధి వస్తుందనుకున్నాను. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదు. స్లాబు మీదా అదే పైపు. పోయకూడనప్పుడు అంత పోసిన మహానుభావుడు, స్లాబు గట్టిపడ్డాక రోజూ తడపాల్సి వస్తే మాత్రం రెండో రోజుకే పైపు చుట్టేశాడు. అయినా స్లాబు కాంక్రీటు నమూనాగా ఆయన పంపిన దిమ్మలు మా యంత్రం కింద బ్రహ్మాండంగా నిలబడ్డాయి. ఇక ఆయన్ని పట్టుకోలేకపోయాం.

కొన్నాళ్లకు వదిన నన్ను డాబా మీదికి పిలిచింది. "మరిదీ, రోజూ ఊడుస్తున్నా బూడిద వస్తూనే ఉంది. ఇలా ఊడిస్తే ఇల్లంతా చేటలోకి వచ్చేస్తుంది. దీని కింద పిల్లల్ని పడుకోబెట్టనా, వద్దా?"

గోరుతో గీస్తే పొడి రాలింది. కోత యంత్రం తెప్పించి, స్లాబులోంచి గుండ్రటి ముక్కలు కోయించి విరగ్గొట్టాను. దిమ్మల బలంలో సగం కూడా లేదు.

"దిమ్మలు ఎప్పుడు నింపావన్నయ్యా?" అని అడిగాను.

"పైపు పెట్టకముందే! పరీక్షకి పంపేది గట్టి కాంక్రీటే కదా?" అన్నాడు, కొంచెమైనా సిగ్గు లేకుండా. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ ఈయన కట్టిన ఇళ్లన్నీ కళ్లముందు తిరిగాయి.

"ఈ స్లాబు పగలగొట్టాల్సిందే వదినా," అన్నాను.

"ఎందుకు పగలగొట్టాలి? దిమ్మలు పాసయ్యాయిగా!" అని గుడ్లురిమాడు మేస్త్రి.

వదిన చీపురు మూలకి విసిరింది. "అయితే నువ్వు ఆ దిమ్మల్లోనే కాపురముండు. నేనూ పిల్లలూ మా చెల్లెలింట్లో ఉంటాం."