నిచ్చెన కదలని లెక్క

కోరుట్లలోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీలో సుమిత్ర పదిహేడేళ్లు లెక్కలు చెప్పింది. గొంతు బొంగురుపోయింది గానీ కుర్చీ మాత్రం గట్టిపడలేదు. ఈ ఏడు మెట్‌పల్లి బ్రాంచిని తెచ్చి ఇందులో కలిపారు. లెక్కల పోస్టు ఒక్కటే మిగిలింది, మనుషులు ఇద్దరు. రెండో మనిషి ప్రవళిక, ఒకప్పుడు సుమిత్ర దగ్గర చదువుకున్న పిల్లే. ఇద్దరూ ఒకే లెక్క మీద డెమో క్లాసు చెప్పాలన్నాడు చైర్మన్. రైసుమిల్లు నడిపే మనిషికి లెక్కల టీచర్లకు పరీక్ష పెట్టే సరదా పుట్టింది మరి!

ఐదు మీటర్ల నిచ్చెన గోడకు ఆనుకుని ఉంది. కింది కొస సెకనుకు అర మీటరు చొప్పున గోడకు దూరంగా జరుగుతోంది. అది గోడకు మూడు మీటర్ల దూరంలో ఉన్నప్పుడు పై కొస ఎంత వేగంతో దిగుతుంది? ఇదీ లెక్క.

సుమిత్ర ఎప్పటిలాగే బల్ల మీద చెక్క స్కేలును గోడకు ఆనించి, కింది కొసను మెల్లగా లాగి చూపించింది. కింది దూరం x, పై ఎత్తు y. రెండూ మారుతున్నాయి, మారనిది నిచ్చెన పొడవొక్కటే. x² + y² = 25 అని రాసి, x మూడైనప్పుడు y నాలుగని పక్కన గుర్తుపెట్టి, కాలం దృష్ట్యా అవకలనం, అంటే డిఫరెన్షియేషన్, చేసింది: 2x dx/dt + 2y dy/dt = 0.

చైర్మన్ అడ్డు తగిలాడు. "మేడమ్, మూడు, నాలుగు ముందే పెట్టరాదుండ్రి? టైం ఎందుకు ఖరాబు జేసుడు?"

"ముందుగాల పెడితే అన్నీ మారని అంకెలే అయితయి సార్. అవకలనం జేస్తే సున్నకు సున్న. నిచ్చెన ఉన్నకాన్నే ఉంటది. అవకలనం అయినంకనే పెట్టాలె."

పిల్లలు కిసుక్కున నవ్వారు. చైర్మన్ మొహం మాడిపోయింది. సుమిత్ర అప్పుడు విలువలు వేసి, dy/dt = −3/8, అంటే పై కొస సెకనుకు మీటరులో ఎనిమిదింట మూడు వంతుల చొప్పున కిందికి దిగుతుందని ముగించేసరికి ఆయన ఫోను చూసుకుంటున్నాడు.

తర్వాత ప్రవళిక లేచి, ముందే 9 + 16 = 25 అని రాసింది. దాని కింద, ఎక్కడిదో చెప్పకుండా, బట్టీ పట్టిన సూత్రంలో అంకెలు వేసి జవాబు రాసేసింది. రెండే నిమిషాలు. చైర్మన్ చప్పట్లు కొట్టి, పోస్టు ఆమెదేనని అక్కడే చెప్పాడు. ఇదే తప్పుకు ఇంటర్లో ఆ పిల్లకు సుమిత్ర సున్న వేసింది, పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించింది కూడా.

వరండాలో ప్రవళిక ఎదురొచ్చింది. "నాకు తెల్వక కాదు మేడమ్. సార్ చెప్పినట్టు చెయ్యకపోతే నన్ను దీసుకుంటడా?"

సుమిత్రకు ఒళ్లు మండింది. స్కేలు సంచిలో పెట్టుకుని గేటు దాకా వచ్చిందో లేదో, అనూష అనే ఫస్టియర్ పిల్ల నోటుబుక్కు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"మేడమ్, అంకెలు ముందే పెట్టినంక అంత సున్ననే గద. మరి గీ మూడు బై ఎనిమిది ఏడికెళ్లి అచ్చింది?"

పదిహేడేళ్లలో ఇలాంటి ప్రశ్న అడిగిన పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. చేయి సంచిలోని స్కేలు దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఇప్పుడు మీ మేడమ్ ఆమెనే బిడ్డా. ఆమెనడుగు," అంది సుమిత్ర.

అనూష బిత్తరపోయి చూసింది. ఆ మాట అన్నందుకు సుమిత్రకు తన మీదే అసహ్యం వేసింది. అయినా వెనక్కి తిరగలేదు.